స్పానిష్ 'సి'తో తెలుగువాళ్ల తిప్పలు

'డబ్బుంటే ఇల్లు కొంటాను', 'డబ్బుంటే ఇల్లు కొనేదాన్ని'. రెండింట్లోనూ 'డబ్బుంటే' మారలేదు. డబ్బు వచ్చే అవకాశం ఉందా, ఉత్త ఊహేనా అన్నది తెలుగులో చివరి క్రియ చెబుతుంది. స్పానిష్‌లో ఈ 'ఉంటే'లోని '-తే' పని 'సి' అనే మాట చేస్తుంది, అక్కడ మాత్రం రెండు ముక్కలూ మారాలి.

అవకాశం ఉంటే 'సి తెంగో దినేరో, కొంప్రరే ఉనా కాసా': 'సి' తర్వాత వర్తమానం, అవతల భవిష్యత్తు. ఉత్త ఊహైతే 'సి తుబియేరా దినేరో, కొంప్రరీయా ఉనా కాసా'. మనవాళ్లు ఇక్కడే తెలుగు అలవాటుతో 'తెంగో' ఉంచేసి చివర 'కొంప్రరీయా' తగిలిస్తారు. జత తప్పినట్టే.

'తుబియేరా' బట్టీ పట్టక్కర్లేదు. 'వాళ్లకు ఉండింది' అనే భూతకాల రూపం 'తుబియేరోన్' తీసుకుని, చివరి 'రోన్' తీసేసి 'రా' పెట్టండి. ఏ క్రియకైనా ఇదే దారి, మినహాయింపుల్లేవు.

'సి' పక్కన 'తుబియేరా' బదులు, 'కొంప్రరీయా' తరహాలో 'తెంద్రీయా' అనడం ఉత్తర స్పెయిన్‌లో కొన్నిచోట్ల వినిపిస్తుంది. పరీక్షలో రాస్తే మాత్రం తప్పే. భవిష్యత్తూ అక్కడ కుదరదు. అయితే 'నో సే సి బెంద్రా' (వస్తాడో రాడో తెలీదు) సరైనదే, ఎందుకంటే అందులో షరతు లేదు, సందేహమే ఉంది.

గడిచిపోయిన అవకాశానికి 'సి ఉబియేరా తెనీదో దినేరో, అబ్రీయా కొంప్రాదో ఉనా కాసా'. ఇందులో 'అబ్రీయా' బదులు మళ్లీ 'ఉబియేరా' అన్నా ఒప్పే.