పక్క లైను రీడింగు మన పైపుకి పనికిరాదు

అక్టోబరు వచ్చిందంటే నా లింక్డిన్ నిండా కొత్త ఉద్యోగాలే. ఎండలు తగ్గాక గల్ఫ్ రిఫైనరీల్లో షట్‌డౌన్‌లు ఊపందుకుంటాయి. ప్లాంటు ఆపి, వెసెల్స్ అనే పెద్ద ప్రెషర్ ట్యాంకులు తెరిచి, పాడైన పైపులు కోసి కొత్తవి వేస్తారు. ఆ కొద్ది వారాల పనికి వందలమంది వెల్డర్లు, సూపర్‌వైజర్లు, ఇన్‌స్పెక్టర్లు కావాలి. ఒంగోలు దగ్గర కాలేజీలో నాతో మెకానికల్ చదివినవాళ్లలో చాలామంది ఈ ఫీల్డులోనే ఉన్నారు. అందరూ ఇంచుమించు ఒకే నెలలో, ఫలానా రిఫైనరీలో సీనియర్ క్యూసీ ఇన్‌స్పెక్టర్‌గా చేరామని పెడతారు. హెల్మెట్, కళ్లద్దాలు, వెనకాల కాలమ్‌లు, కింద వరుసగా అభినందనలు. పన్నెండు గంటల డ్యూటీ చేసి సౌదీలోని జుబైల్ క్యాంపు గదికి వచ్చి పడుకున్నవాడు అది చూస్తే, వీళ్లంతా ముందుకు పోతున్నారు, నేను ఇక్కడే ఉండిపోయాను అనుకోకుండా ఉండడం కష్టం.

ఆ పోస్టుల్లో అబద్ధం ఉందని నేను అనను. నా మిత్రులు కష్టపడి తెచ్చుకున్న పనులే అవి. కాకపోతే అవి మనకోసం రాసినవి కావు. రిక్రూటర్ వెతుకులాటలో తమ పేరు పైకి రావాలని రాసుకున్నవి. రిక్రూటర్ వెతికేది ఆ రిఫైనరీ పేరు, హోదా, సర్టిఫికెట్ల పేర్లు. కాబట్టి పోస్టులోనూ అవే ఉంటాయి. మన దారి సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి కావలసిన విషయాలు అందులో ఉండవు.

ఒక మిత్రుడి సంగతే చెబుతాను. ఖతర్‌లో పెద్ద ప్లాంటు పేరు పెట్టి, సీనియర్ ఇన్‌స్పెక్టర్ అని రాశాడు. ఆ కబురు నాకంటే ముందు సింగరాయకొండలో మా అమ్మకు చేరింది. ఫోన్‌లో, "ఆ అబ్బాయికి పెద్ద ఉద్యోగం వచ్చిందంటగా, నీకెప్పుడు నాయనా?" అంది. అమ్మ మాటలో తప్పేమీ లేదు, ఊళ్లో వినిపించేది అదే కదా. శుక్రవారం సెలవు రోజున వాడికే ఫోన్ చేశాను. అభినందనలు చెప్పాక, ఎవరి రోల్స్ మీద ఉన్నావని అడిగాను.

"మ్యాన్‌పవర్ కంపెనీ రోల్స్ మామా. ప్లాంటు వాళ్లది కాదు. నలభై అయిదు రోజుల షట్‌డౌన్, రోజు లెక్కన డబ్బులు. అయిపోగానే డీమాబ్, అంటే సైట్ నుంచి పంపించేయడమే. మళ్లీ ఎప్పుడు పిలుస్తారో తెలీదు, ఒంగోలులో కూర్చోవడమే" అన్నాడు.

వాడేమీ దాచలేదు. అడిగితే ఒక్క నిమిషంలో చెప్పాడు. కానీ డీమాబ్ అయిన రోజు ఎవరూ పోస్టు పెట్టరు. ఖాళీగా ఉన్న నెలల్లో కూడా ప్రొఫైల్‌లో ఆ ప్లాంటు పేరే కనపడుతూ ఉంటుంది. అదీ మోసం కాదు. ఖాళీగా ఉన్నానని రాసుకుంటే రేటు తగ్గించి మాట్లాడే ఏజెంట్లున్న ఫీల్డు ఇది. చేరినప్పుడు మోగే గంట ఆగినప్పుడు మోగదు కాబట్టి, దూరం నుంచి చూసేవాడికి అందరూ ఎప్పుడూ ఎక్కుతున్నట్టే ఉంటుంది.

హోదాల సంగతీ అంతే. ఒక ప్రాజెక్టులో లీడ్ అన్న మనిషి కింద ఆరుగురు ఇన్‌స్పెక్టర్లుంటారు. ఇంకో చోట సైట్‌లో ఉన్న ఒకే ఒక్క ఇన్‌స్పెక్టర్‌నూ లీడ్ అనే అంటారు. సీనియర్ అని రాసిన ఇద్దరిలో ఒకరు వెల్డింగ్ ప్రొసీజర్లు చదివి ఆమోదించే మనిషి కావచ్చు, ఇంకొకరు రోజంతా ఫిట్‌అప్, అంటే వెల్డింగుకు ముందు పైపులు సరిగ్గా కలిపి పెట్టారో లేదో చూసి రిపోర్టుల మీద సంతకాలు పెట్టే మనిషి కావచ్చు. పేరును బట్టి పని తెలియదు.

పోయిన ఏడాది నాకూ అలాంటి పేరు పెట్టుకునే అవకాశం వచ్చింది. ఇంకో కంపెనీ లీడ్ ఇన్‌స్పెక్టర్ పోస్టు ఇస్తానంది. అప్పుడు నా జీతం నెలకు 6,000 రియాళ్లు, వాళ్లు ఇస్తామన్నది 7,200. అన్నీ చూస్తే అది పది నెలల ప్రాజెక్టు కాంట్రాక్టు. కాగితం మీద లెక్క వేశాను. 7,200 చొప్పున పది నెలలకు 72,000. నా పాత ఉద్యోగంలో పన్నెండు నెలలకు కూడా 72,000. అంటే ప్రాజెక్టు అయిపోయాక రెండు నెలలు ఖాళీగా ఉన్నానంటే, పెరిగిందనుకున్న జీతం మొత్తం అక్కడికి సరి.

ఆపైన గ్రాట్యుటీ ఉంది. సౌదీ చట్టంలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి అరనెల జీతం చొప్పున లెక్క కడతారు. కానీ మనంతట మనమే రాజీనామా చేస్తే అంతా ఇవ్వరు. రెండేళ్ల నుంచి ఐదేళ్ల సర్వీసుకు మూడోవంతు, ఐదు దాటి పదిలోపు అయితే మూడింట రెండు వంతులు, పదేళ్లు నిండితేనే మొత్తం. నాకు అప్పటికి నాలుగేళ్లు. లెక్క ప్రకారం 12,000 రావాలి, రాజీనామా చేస్తే 4,000 చేతికొస్తాయి. కొత్త చోట పది నెలలు పూర్తిచేసి కాంట్రాక్టు ముగిస్తే ఇంకో 3,000 వస్తుంది. కలిపితే 7,000. అదే ఉన్నచోట ఐదేళ్లు దాటేదాకా ఆగి వెళ్తే 10,000 దాకా వస్తుంది. పెద్ద తేడా కాదు, జీవితాలు తలకిందులయ్యే డబ్బూ కాదు. కానీ ఈ లెక్క వేశాక ఒకటి తేలిపోయింది. డబ్బులో లాభం లేదు. మిగిలింది హోదా ఒక్కటే, అదీ పది నెలలకు.

అయితే డబ్బు సమానమైనంత మాత్రాన ఉన్నచోటే ఉండిపోవాలని కాదు. అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది. ఎక్కడుంటే నాకు రాని పని వస్తుంది?

నేను చేసేది నడుస్తున్న ప్లాంటులో పైపుల తనిఖీ. లైను మీద కొన్ని చోట్ల గుర్తులు పెట్టి ఉంటాయి. అవే గుర్తుల దగ్గర కొన్నేళ్లకోసారి అల్ట్రాసోనిక్ మీటరుతో మందం కొలుస్తాం. ఆరేళ్ల కిందట ఒక గుర్తు దగ్గర 9.5 మిల్లీమీటర్లు ఉన్న గోడ ఇప్పుడు 8.3 ఉందనుకోండి. 1.2 తరిగింది, అంటే ఏడాదికి 0.2. ఆ లైనుకి కనీసం ఉండాల్సిన మందం 6.3 అయితే ఇంకా 2 మిల్లీమీటర్లు చేతిలో ఉంది, ఇదే వేగంతో తరిగితే పదేళ్లు. ఆ మిగిలిన ఆయుష్షులో సగం గడిచేలోపు, అంటే ఐదేళ్లలోపు మళ్లీ కొలవాలి. పైపుల తనిఖీకి మేం పాటించే ఏపీఐ 570 కోడ్ చెప్పే లెక్క ఇదే. పక్కనే ఇంకో లైను 12 మిల్లీమీటర్లుంటే మనకేం సంబంధం? అందులో పారేది వేరు, దాని వేడి వేరు, అది వేసిన ఏడాది వేరు. ఒక లైను ఎటు పోతోందో తెలియాలంటే అదే గుర్తు దగ్గర దాని పాత రీడింగే కావాలి.

నా ఉద్యోగానికీ అదే పద్ధతి పెట్టుకున్నాను. ఏటా సెలవుకి ఇంటికి వెళ్లే ముందు నోటుపుస్తకంలో రాసుకుంటాను. పోయిన ఏడాది చేయలేని పని ఈ ఏడాది ఏం చేస్తున్నాను, నా సంతకంతో ఏ నిర్ణయం బయటికి పోతోంది అని. మొదటి ఏడాది మీటరు పట్టుకుని అంకెలు రాశాను. తర్వాత ఏ గుర్తు దగ్గర రీడింగ్ అనుమానంగా ఉందో పసిగట్టడం వచ్చింది. పాతదానికంటే కొత్త రీడింగ్ ఎక్కువ వస్తే పైపు మందం పెరగలేదు కదా, కొలతలోనో గుర్తులోనో తేడా ఉందన్నమాట. ఇప్పుడు ఆ లెక్కలు వేసి, ఏ లైను ఎప్పుడు మార్చాలో నేనే సిఫార్సు రాస్తున్నాను, ఇంజనీరు దాన్ని చూసి ఒప్పుకుంటున్నాడు. లీడ్ ఉద్యోగంలోనైతే కొత్త నిర్మాణంలో వెల్డింగ్ తనిఖీ. అది నేను ఇక్కడికి రాకముందే చేసిన పని. పేరు పెద్దదే, నాకు మాత్రం వెనక్కి పోవడం. అందుకే వద్దన్నాను.

ఇదే ఆఫరు నా మిత్రుడికి వచ్చి ఉంటే కళ్లుమూసుకుని తీసుకోమనేవాణ్ణి. రోజు లెక్కన నలభై అయిదు రోజులు చేసేవాడికి పది నెలల పని పెద్ద మెట్టు. ఇంటి మీద అప్పు తీర్చాల్సినవాడికి లెక్క ఇంకోలా తేలుతుంది.

పోల్చుకోవడం పూర్తిగా మానేయమని కూడా అనను. పోస్టు చూసి కుమిలిపోవడం వేరు, ఆ మనిషికి ఫోన్ చేసి అడగడం వేరు. ఎవరి రోల్స్, ఎన్ని నెలలు, అయిపోయాక ఏంటి, రోజూ చేతులతో చేసే పని ఏంటి. ఈ నాలుగూ అడిగితే పోస్టు కాస్తా సమాచారం అవుతుంది. కావలికి చెందిన ఒక జూనియర్ ఏపీఐ 510 పాసయ్యానని పెట్టినప్పుడు అలాగే అడిగాను. వెసెల్స్‌కి సంబంధించిన ఆ పరీక్షకు ఎలా చదివాడో, ఓపెన్‌బుక్ భాగంలో టైము ఎక్కడ పోయిందో అరగంట చెప్పాడు. "అన్నా, కోడ్ పుస్తకంలో ఏ పేజీలో ఏముందో చేతికి తెలిసుండాలి, అక్కడ వెతుక్కుంటూ కూర్చుంటే అయిపోయినట్టే" అన్నాడు. వాడు నిజంగానే నాకంటే ముందున్నాడు, ఆ విషయంలో. నాకు ఉపయోగపడింది కూడా ఆ ముందుండడమే.

నా పుస్తకం నాకు అనుకూలంగానే చెబుతుందని లేదు. వరసగా రెండేళ్లు అదే పని, అదే సంతకం, కొత్తగా రాయడానికి ఏమీ లేదంటే, లింక్డిన్‌లో ఎవరూ ఏమీ పెట్టకపోయినా నేను ఆగిపోయినట్టే. అప్పుడు మిత్రుల పోస్టులన్నీ ఉత్తవే అని సర్దిచెప్పుకోవడం ఇంకా ప్రమాదం. ప్రస్తుతం నా పుస్తకంలో వెసెల్స్ పేజీ ఖాళీగా ఉంది. మా ప్లాంటులో వచ్చే షట్‌డౌన్‌లో వెసెల్ లోపలి తనిఖీకి నన్ను వేయమని సూపర్‌వైజర్‌ని అడిగాను, చూద్దామన్నాడు. వేయకపోతే, ఐదేళ్లు దాటాక ఆ పని దొరికే చోటికి అప్లై చేస్తాను. అక్కడ హోదా ఇన్‌స్పెక్టర్ అనే ఉన్నా సరే. అమ్మకు కూడా అదే చెప్పాను. "ఆ పని నేర్చుకుంటే ఖాళీగా కూర్చోకుండా ఉంటావా?" అని అడిగింది. ఉంటానని అనుకుంటున్నానమ్మా అన్నాను.