72 గంటలు

2022 అక్టోబరులో, మా ఊరి చేనులో చెనిక్కాయ పీకుతున్న రోజుల్లో, నడుము దిగువ భాగంలో సన్నని నొప్పి మొదలైంది. అరవై దాటినవాడిని, వంగి లేచిన మాట నిజం, కాబట్టి అది వెన్నుపూసల మధ్య డిస్కు జరగడం వల్లనే అని నేను చూపించుకున్న వైద్యుడు చెప్పగా నమ్మడానికి నాకు ఇబ్బంది కలగలేదు. నాలుగు నెలలు డిక్లోఫెనాక్ మాత్రలు మింగాను. ఆ మాత్రలు నా జబ్బున్న మనిషి మూత్రపిండాలకు ఎంత చేటు చేస్తాయో తరువాత తెలిసింది. ఫిబ్రవరిలో మేడమెట్లు ఎక్కుతుంటే ఆయాసం వచ్చి రక్తపరీక్ష చేయిస్తే, హిమోగ్లోబిన్ 8.4, క్రియాటినిన్ 1.9 ఉన్నాయి. అనంతపురంలోనే మరో వైద్యురాలు ఆ రెండు అంకెలనూ నడుము నొప్పితో కలిపి చూసి, సీరమ్ ఎలక్ట్రోఫోరెసిస్ అనే పరీక్ష రాశారు.

ఆ పరీక్ష ఫలితం ఒక గీత రూపంలో వస్తుంది. రక్తరసంలోని ప్రోటీన్లను విద్యుత్ క్షేత్రంలో పరుగెత్తించి, ఏ రకం ఎంత ఉందో ఎత్తుగా గీస్తారు. ప్రతిరక్షకాలు చేరే చివరి భాగం మామూలు మనిషిలో పరుపులాంటి వెడల్పాటి గుట్టగా ఉంటుంది, ఎందుకంటే మన ఒంట్లో లక్షల రకాల ప్రతిరక్షకాలు తలా కొంచెం ఉంటాయి. నా కాగితంలో ఆ చోట నిట్టనిలువుగా గుడిగోపురం లాంటి మొన లేచింది. ఒకే రకం ప్రతిరక్షకం డెసిలీటరుకు 4.6 గ్రాములు ఉందన్నమాట. బెంగళూరులో మూలుగ తీసి చూస్తే దానిలోని కణాల్లో 48 శాతం ప్లాస్మా కణాలే. జబ్బు పేరు మల్టిపుల్ మైలోమా, అంటే ప్లాస్మా కణాలకు వచ్చే క్యాన్సర్.

నేను జూనియర్ కళాశాలలో ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పాను. ఎండోప్లాస్మిక్ రెటిక్యులాన్ని, మన పుస్తకాల్లో అంతర్జీవద్రవ్యజాలం అని రాసే దానిని, ఏటా బోర్డు మీద గజిబిజి గొట్టాలుగా గీసి, ప్రోటీన్లు తయారయ్యే చోటు అని ఒక్క వాక్యంలో దాటేసేవాడిని. ఆ గొట్టాలలోనే నా ప్రాణం వేలాడుతోందని అరవై ఒకటో ఏట తెలుసుకోవలసి వచ్చింది.

ప్లాస్మా కణం చేసే పని ఒక్కటే, ప్రతిరక్షకాలను తయారుచేసి బయటికి పంపడం. ఒక్కో కణం సెకనుకు వేల సంఖ్యలో పంపగలదు. ప్రతి ప్రతిరక్షకంలో రెండు బరువైన గొలుసులు, రెండు తేలికైన గొలుసులు ఉంటాయి. అవి రెటిక్యులం లోపల సరైన మడతలు పడి, గంధకపు బంధాలతో ఒకదానికొకటి కుట్టుకుంటేనే బయటికి వెళ్లే అర్హత వస్తుంది. మడత పడని గొలుసును పట్టుకుని ఉండే సహాయక ప్రోటీన్‌ను బిప్ అంటారు. ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను పట్టుకునేది అనే ఆంగ్ల పేరుకు అది పొట్టి రూపం, ఎందుకంటే దాన్ని మొదట కనిపెట్టినది ప్రతిరక్షకాల బరువు గొలుసును అంటిపెట్టుకుని ఉండగానే. ఎంత జాగ్రత్తగా చేసినా కొన్ని గొలుసులు వంకరపోతాయి. వాటిని రెటిక్యులం పొర గుండా వెనక్కి లాగి బయట పారేస్తే, ప్రోటియజోమ్ అనే యంత్రం ముక్కలు చేస్తుంది.

పని తట్టుకోలేనంత పెరిగినప్పుడు కణానికి తెలిసేదెలా? రెటిక్యులం పొరలో మూడు కాపలాదారులున్నాయి, ఐఆర్ఈ1, పెర్క్, ఏటీఎఫ్6. మామూలు రోజుల్లో బిప్ వాటిని కూడా అంటిపెట్టుకుని నిద్రపుచ్చుతుంది. వంకర గొలుసులు పోగుపడితే బిప్ వాటి దగ్గరికి పరుగెత్తుతుంది, కాపలాదారులు మేల్కొంటాయి. ఈ ఏర్పాటు మొదటి దారాన్ని 1990ల తొలినాళ్లలో ఈస్ట్ కణాల్లో పట్టుకున్నవారిలో పీటర్ వాల్టర్, కజుతోషి మోరి ముఖ్యులు. నాకు అందులో ఇష్టమైనది ఐఆర్ఈ1 చేసే పని. ఎక్స్‌బీపీ1 అనే ఒక సందేశపు ఆర్ఎన్ఏ నుంచి అది సరిగ్గా 26 అక్షరాలు కత్తిరిస్తుంది. ఆర్ఎన్ఏను మూడేసి అక్షరాలుగా చదువుతారు. 26ను మూడుతో భాగిస్తే శేషం రెండు మిగులుతుంది కాబట్టి, అతికించిన చోటు నుంచి చదువు మొత్తం మారిపోయి వేరే ప్రోటీన్ వస్తుంది. ఆ ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి, ఇంకా గొట్టాలు కట్టమని, ఇంకా సహాయక ప్రోటీన్లు తయారుచేయమని ఆజ్ఞలిస్తుంది. ఇది లేకపోతే ఎలుకల్లో ప్రతిరక్షకాల తయారీ బాగా పడిపోతుంది. పెర్క్ దారి దీనికి వేరు: అది కొత్త ప్రోటీన్ల తయారీని మొత్తంగా నెమ్మదింపజేస్తుంది, కానీ ఏటీఎఫ్4 అనే ఒకదాన్ని మాత్రం రానిస్తుంది. ఏటీఎఫ్4 వెంట చాప్ అనే ఇంకొకటి వస్తుంది. ఈ చాప్ మంచిది కాదు.

ధర్మవరంలో పట్టుచీరలు నేసే మా బావమరిది నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు నేను ఇదంతా చెబుతుంటే, "అంత తెలివైన కణం గదా బావా, సరుకు ఎక్కువైతే ఇంకా రెండు మగ్గాలు ఎక్కించుకుంటాది. మరి ఆ మందు దాన్నెట్ల సంపుతాది?" అని అడిగాడు. తరగతిలో ఇంత సూటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నా మందు బోర్టెజొమిబ్ మగ్గాల జోలికి పోదు. అది చెత్త ఎత్తే ప్రోటియజోమ్‌ను పట్టి ఆపుతుంది. బయట ముక్కలు కాక వంకర గొలుసులు నిలిచిపోతే, లోపలి నుంచి లాగడమూ ఆగిపోతుంది. ఎంత ఎక్కువ నేసే కణం అయితే అంత త్వరగా నిండిపోతుంది. ఇది మాత్రమే ఆ మందు పని కాదు, వేరే దారులు కూడా ఉన్నాయి, కానీ ప్లాస్మా కణం మిగతా కణాలకన్నా ముందు కూలిపోవడానికి ఈ భారమే పెద్ద కారణం.

అయితే నిండిపోగానే కణం చచ్చిపోదు. బాగుచేసుకోవాలా చావాలా అనేది ఒకచోట కూర్చుని తీర్పు చెప్పే అధికారి ఎవరూ కణంలో లేరు. రెండు కాపలాదారుల ఓపికలో ఉన్న తేడా తీర్పు చెబుతుంది. పెర్క్ దారిలో వచ్చిన చాప్, డీఆర్5 అనే చావు గ్రాహకాన్ని తయారుచేయమని సందేశం పంపుతుంది. అదే సమయంలో ఐఆర్ఈ1 ఎక్స్‌బీపీ1ను కత్తిరించే అదే కత్తెరతో డీఆర్5 సందేశాన్ని కూడా ముక్కలు చేస్తుంది. ఒకరు రాస్తూ ఉంటే మరొకరు చింపేస్తూ ఉన్నంతసేపు కణానికి గడువు ఉన్నట్టే. ఒత్తిడి కొన్ని గంటల్లో తగ్గితే చాప్ మాయమవుతుంది, కథ సుఖాంతం. తగ్గకపోతే ఐఆర్ఈ1 అలసిపోతుంది. వాల్టర్ ప్రయోగశాల 2007లో చూపించినట్టు, ఒక రోజు గడిచేసరికి అది ఆరిపోతుంది, పెర్క్ మాత్రం వెలుగుతూనే ఉంటుంది. అప్పుడు చింపేవాడు లేక డీఆర్5 పేరుకుంటుంది, అది బయటి పిలుపు అవసరం లేకుండానే లోపలే కాస్పేజ్8 అనే ఎంజైమును రెచ్చగొట్టి కణాన్ని చంపుతుంది. ఈ రెండో భాగం 2014లో వెలుగులోకి వచ్చింది. ఐఆర్ఈ1ను ఆర్పేది పెర్క్ పంపిన మరో ప్రోటీనే అని 2018లో తేలింది.

ఈ గడువును తెలుసుకున్న తరువాత నా ఇంజెక్షన్ల పట్టిక నాకు వేరే భాషలో కనిపించింది. బోర్టెజొమిబ్ ప్రోటియజోమ్‌కు శాశ్వతంగా అంటుకోదు. దాదాపు 72 గంటల్లో ప్రోటియజోమ్ మళ్లీ పని మొదలుపెడుతుంది. అందుకే రెండు మోతాదుల మధ్య కనీసం 72 గంటలు ఉండాలంటారు: మామూలు కణాలకు కోలుకునే వెసులుబాటు దొరకాలి, ప్లాస్మా కణాలకు మాత్రం ఐఆర్ఈ1 అలసిపోయేంత ఒత్తిడి అప్పటికే పడి ఉండాలని నేను అర్థం చేసుకున్నాను. నాకు 21 రోజుల చక్రంలో 1, 4, 8, 11 రోజుల్లో వేశారు. చదరపు మీటరుకు 1.3 మిల్లీగ్రాముల లెక్కన, 1.6 చదరపు మీటర్ల ఒంటికి 2.1 మిల్లీగ్రాములు, పొట్ట మీది చర్మం కింద. మరుసటి రోజు అక్కడ అర్ధరూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ, గోరువెచ్చగా. తోడుగా డెక్సామెథసోన్, మూత్రపిండాల వల్ల మోతాదు తగ్గించిన లెనాలిడోమైడ్, హెర్పీస్ రాకుండా ఎసైక్లోవిర్.

పక్కింటి పెద్దాయన ప్రేమతో గ్రీన్ టీ పొట్లాలు తెచ్చిచ్చాడు, రక్తం శుభ్రమవుతుందని. వాటిని ఇంట్లోంచి పంపించమని మా వైద్యులు గట్టిగా చెప్పారు. అందులోని ఒక పదార్థం నేరుగా బోర్టెజొమిబ్ అణువులోని బోరాన్ భాగాన్ని పట్టుకుని మందును పనికిరాకుండా చేస్తుందని ప్రయోగశాలలో చూశారు. ఆయన మనసు నొప్పించకుండా వాటిని ఎలా వదిలించుకోవాలన్నదే ఆ వారం మా ఇంట్లో పెద్ద చర్చ.

మొదటి చక్రం చివర ఆ మొన 4.6 నుంచి 2.1కి దిగింది. క్రియాటినిన్ 1.3. ప్రతి చక్రంలో 11వ రోజుకు ప్లేట్‌లెట్లు పడిపోయి 21వ రోజుకు లేచేవి, దానికి ఇంట్లో అందరూ అలవాటుపడ్డారు. మూడో చక్రం తరువాత అరికాళ్లలో మంట మొదలై, చెప్పులో రాయి ఉందేమోనని మాటిమాటికి తీసి దులిపేవాడిని. రాయి ఉండేది కాదు, నరాలు అలా చెబుతున్నాయి. మందును వారానికి ఒక్కసారికి మార్చారు. నాలుగో చక్రం తరువాత 0.3. తరువాత నా మూలకణాలే తీసి తిరిగి ఎక్కించారు; ఆ నాలుగు వారాలు జ్వరం, నోటిపూత తప్ప చెప్పడానికి ఏమీ లేదు. 2024 జనవరిలో ఎలక్ట్రోఫోరెసిస్ గీత పరుపులాగే పరచుకుంది.

మా బావమరిది ఆ కాగితాన్ని పాత కాగితం పక్కన పెట్టి, "ఆ గోపురం యాడికి పాయ బావా?" అన్నాడు. పోయిందని నేను అనలేదు. 2013లో టొరంటో పరిశోధకులు చూపించినదాన్ని బట్టి, మైలోమాలో ఎక్స్‌బీపీ1 తక్కువగా ఉండి, ప్రతిరక్షకాలు పెద్దగా తయారుచేయని లేత కణాలు కొన్ని ఉంటాయి. నేత తక్కువ కాబట్టి చెత్త తక్కువ, చెత్త తక్కువ కాబట్టి ప్రోటియజోమ్ ఆగినా వాటికి గడువు ముంచుకురాదు. జబ్బు తిరిగివస్తే అవి కూడా అందుకు ఒక దారి. ఇప్పుడు నేను రోజూ వేసుకునే లెనాలిడోమైడ్ రెటిక్యులం సంగతితో సంబంధం లేకుండా వేరే దారిలో పనిచేస్తుంది, అందుకే దాన్ని ఆపలేదు. ఈ గీత గీసేది బయటికి వచ్చిన ప్రతిరక్షకాలను. నేయని మగ్గాలు ఎన్ని మిగిలి ఉన్నాయో దీనిలో కనబడదని వాడికి చెప్పాను. వచ్చే నెల బెంగళూరులో మళ్లీ మూలుగ తీస్తారు.