సందేహం వేరు, సందేగం వేరు

నా భార్య తమిళురాలు. మాది విజయవాడ, కాపురం చెన్నైలో. శుక్రవారం రాత్రి ఆమె కాలేజీ స్నేహితుడు ఫోను చేస్తాడు. ఇద్దరూ ఎంత వేగంగా తమిళం మాట్లాడతారంటే, నాకు నవ్వులు తప్ప ఏమీ అర్థం కావు. అసలు బాధ అదే. ఇంగ్లీషులో చెబితే అది ఆఫీసు ఫిర్యాదులా వినిపించింది. అందుకే తమిళంలో చెప్పాలనుకున్నాను.

మొదటిసారి 'ఉన్ మేల ఒరు సందేగం' అన్నాను. మనకు సందేహం అంటే అడిగి తెలుసుకునేది. తమిళంలోనూ ఊరికే 'ఒరు సందేగం' అంటే ప్రశ్నే. కానీ 'నీ మీద' అనే 'ఉన్ మేల' చేరితే అది మన అనుమానం. ఆమె ముఖం మారిపోయింది. 'ఎన్ మేలయా?' అని లోపలికి వెళ్లిపోయింది.

రెండోసారి మర్యాద పెంచుదామని మన 'మీరు' లాంటి 'నీంగ' అన్నాను. మూడేళ్లుగా 'నీ' అని పిలిచే మనిషి హఠాత్తుగా 'నీంగ' అంటే వెటకారంగానో, దూరం జరిగినట్టుగానో ఉంటుంది. పైగా ఆ వాక్యం కూడా 'ఏన్ ఎన్‌కిట్ట సొల్లవే ఇల్ల?' అన్నది. 'నాతో ఎందుకు చెప్పనే లేదు?' అని. 'ఏన్' అంటే ఎందుకు. ఇక 'సొల్లవే'లో ఉన్న ఏకారం మన 'చెప్పనే లేదు'లోనిదే. తెలుగులో ఎవరైనా నాతో అలా అంటే నాకూ మండేది. పరాయి భాష కదా, వాక్యం తప్పు లేకుండా వచ్చిందన్న సంతోషంలో అందులోని ముల్లు నాకు కనబడలేదు.

దారి చూపింది మా అత్తగారు, తనకు తెలియకుండానే. మామగారు చెప్పకుండా స్నేహితుల ఇంటికి వెళ్లివస్తే ఆవిడ 'ఎనక్కు తెరియామ పోచ్చు' అంటారు. 'నాకు తెలియకుండా పోయింది' అన్నమాట. ఆ వాక్యంలో 'మీరు' అన్నదే లేదు. మామగారు మాత్రం వెంటనే సంజాయిషీ మొదలుపెడతారు!

ఆ వాక్యాన్నే పట్టుకున్నాను. ఫోను పెట్టేసిన వెంటనే కాక, మర్నాడు కాఫీ తాగుతూ అన్నాను: 'నీ సిరిక్కుంబోదు ఎనక్కు పురియల. కొంజం తనియా ఇరుక్కుర మాదిరి ఇరుక్కు.' నువ్వు నవ్వేటప్పుడు నాకు అర్థం కాదు, కాస్త ఒంటరిగా ఉన్నట్టు ఉంటుంది అని. ఇక్కడ 'మాదిరి' చాలా పని చేసింది. నా బాధ నీ నేరం కాదు, నాకు అలా తోస్తోంది అంతే అనే వీలిచ్చింది. 'పొరామై' అన్న మాట మాత్రం నోట రానివ్వలేదు. అది మన ఓర్వలేనితనం లాంటిదే, వినగానే అవతలివాళ్లు సమాధానం చెప్పుకోవలసి వస్తుంది.

ఆమె కాసేపు కప్పు వైపే చూసింది. 'అదుక్కెన్న, నీయుం వా' అంది. దానికేం, నువ్వూ రా అని.

ఇప్పుడు శుక్రవారం నేనూ పక్కన కూర్చుంటాను. ఒక్కో జోకు ఆపి నాకు వివరిస్తుంది. వివరించాక ఏ జోకూ నవ్వు తెప్పించదు. అసూయ పూర్తిగా పోయిందా అంటే లేదు, ఆ స్నేహితుడు పాడటం మొదలుపెడితే ఇప్పటికీ కాస్త గుచ్చుకుంటుంది.