250 శాతం చూపించిన ఫన్నెల్ రిపోర్టు

ఎంక్వైరీ వచ్చిన దగ్గర్నుంచి డబ్బు జమయ్యేదాకా జనం ఎక్కడెక్కడ ఆగిపోతున్నారో చూపించమని మా మేనేజర్ గారు అడిగారు. ఒకే నెలలో వచ్చిన 200 ఎంక్వైరీలు తీసుకుని స్టేటస్ కాలమ్‌ని లెక్కపెట్టాను. ఎంక్వైరీ దగ్గరే ఉన్నవి 60, ఫోన్‌లో మాట్లాడినవి 70, కొటేషన్ పంపినవి 28, ఆర్డర్ ఖాయమైనవి 12, పేమెంట్ వచ్చినవి 30. ఒక్కో మెట్టుని దాని ముందు మెట్టుతో భాగించుకుంటూ వెళ్తే చివర్లో 250 శాతం వచ్చింది. 12 ఆర్డర్ల నుంచి 30 పేమెంట్లా? ఆయన వేలు సరిగ్గా అక్కడే ఆగింది. నాకు చెమటలు పట్టాయి.

తప్పు కూడికలో లేదు. స్టేటస్ కాలమ్‌లో ఆ కస్టమర్ ఇప్పుడు ఎక్కడున్నాడో మాత్రమే ఉంటుంది. డబ్బు కట్టిన 30 మందీ ఆర్డర్ మెట్టు దాటే వచ్చారు, కానీ నా లెక్కలో ఆ మెట్టు దగ్గర వాళ్లు లేరు.

అందుకని ప్రతి మెట్టుకీ ఒక తేదీ కాలమ్ పెట్టాను: B ఎంక్వైరీ, C మాట్లాడిన రోజు, D కొటేషన్, E ఆర్డర్, F పేమెంట్. పాత తేదీలన్నీ మెయిళ్లలోంచి, కాల్ రిజిస్టర్‌లోంచి ఏరి నింపడానికి రెండు రోజులు పట్టింది. కొందరు పాత కస్టమర్లు కొటేషన్ అడగకుండానే ఆర్డర్ ఇచ్చేశారు, వాళ్ల D ఖాళీ. తర్వాతి మెట్టులో తేదీ ఉంటే ముందు మెట్టు కూడా దాటినట్టే తీసుకోవాలి కాబట్టి కొటేషన్ మెట్టుకి ఇలా రాశాను:

```
=IF(COUNT(D2:F2)>0,1,0)
```

మిగతా మెట్లకీ ఇదే పద్ధతి. ఈసారి 200, 140, 70, 42, 30 వచ్చాయి. మొత్తం మీద 15 శాతం. అన్నిటికన్నా పెద్ద గండి మాట్లాడిన తర్వాత, కొటేషన్ దగ్గర: సగానికి సగం అక్కడే ఆగారు.

ఆ 70 మందినీ పోగొట్టుకున్నట్టు రాయబోయి ఆగాను. వద్దన్నవాళ్లు వేరు, ఇంకా ఎదురుచూస్తున్నవాళ్లు వేరు కదా. 'వద్దన్న తేదీ' అని ఇంకో కాలమ్ పెట్టి, సేల్స్‌లో ఉన్న అక్కను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పేరూ అడిగాను. వద్దన్నవాళ్లు 22 మందే. మిగతా 48 మందికి మనమే కొటేషన్ పంపలేదు. "రేట్లు ఖాయం చేసేది ఒక్కరే, ఆయన సెలవులో ఉంటే నేనేం పంపను?" అంది అక్క. ఇన్నాళ్లూ కస్టమర్లకి రేటు నచ్చడం లేదనే అనుకుంటూ వచ్చాం. నాకు చాలా బాధనిపించింది.

రిపోర్టులో ఆ 48ని డ్రాప్-ఆఫ్‌లో కలపకుండా 'మన దగ్గర పెండింగ్' అని విడిగా చూపించాను. మేనేజర్ గారు శాతాలు పక్కనపెట్టి ముందు ఆ పేర్ల లిస్టు ప్రింట్ తీయమన్నారు.