ఫొటో పంపి కుక్కర్ స్పేర్లు తెప్పించుకోవడం: నా అనుభవం

రాజోలు దగ్గర ఊళ్లో ఉండే మా పిన్ని కందిపప్పు పెట్టి ఎంతసేపు చూసినా కుక్కర్ విజిల్ వేయలేదట. మూత అంచుల నుంచి మాత్రం సన్నగా ఆవిరి వస్తూనే ఉందట. చివరికి మూత మీద ఉన్న సేఫ్టీ వాల్వ్ బుస్సుమని ఊడినంత పని చేసింది. పప్పు అడుగంటి మాడిపోయింది. అది 5 లీటర్ల అల్యూమినియం కుక్కర్, మూత గిన్నె అంచు మీద బయటి నుంచి పట్టే రకం. కంపెనీ పేరు ఎప్పుడో అరిగిపోయింది. నేనుండేది తణుకులో. స్పేర్లు తెప్పించే పని నా మీద పడింది.

ఆ ఊళ్లో పాత్రలకు మాటు వేసే ఒకాయన ఉన్నారు. "కొత్త వాల్వ్ ఎందుకండీ, ఆ కన్నానికి మాటు వేసేస్తాను" అన్నారట. పిన్ని ఆ మాట చెప్పగానే వద్దంటే వద్దన్నాను. సేఫ్టీ వాల్వ్ మధ్యలో ఉండేది మామూలు సీసం కాదు, తక్కువ వేడికే కరిగేలా కలిపిన లోహం. కుక్కర్ మామూలుగా పనిచేసేది 1 కిలో ప్రెషర్ దగ్గర, అప్పుడు లోపల వేడి 120 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. దాన్ని మించి వేడెక్కితే ఆ లోహం కరిగి ఆవిరికి దారి ఇస్తుంది. సీసం, తగరం కలిపిన మాటు 183 డిగ్రీలు వస్తే గానీ కరగదు. లోపల నీళ్లుండి అంత వేడి రావాలంటే ప్రెషర్ మామూలుకి పది రెట్లు అవుతుంది. కుక్కర్ గిన్నె అంత ఆగదు. అక్కడ బోల్టు బిగించినా, ఎంసీల్ పెట్టినా అదే ప్రమాదం.

ఆర్డర్ పెట్టే ముందు వాల్వ్ ఎందుకు పోయిందో తేలాలి, ఎందుకంటే ఒక్క వాల్వే మార్చి ఊరుకుంటే అది మళ్లీ పోతుంది. పిన్నిని గాస్కెట్ తీసి వేళ్లతో వంచమన్నాను. "రాయిలా ఉందిరా, వంచితే పగుళ్లు కనిపిస్తున్నాయి" అంది. అక్కడితో విషయం తెలిసిపోయింది. గాస్కెట్ గట్టిపడితే ఆవిరి అంచుల నుంచి పోతుంది, ప్రెషర్ నిలవదు, విజిల్ రాదు. విజిల్ రాలేదని మనం మంట మీదే ఉంచుతాం. ఈలోగా నీళ్లన్నీ ఆవిరైపోయి, అడుగు కాలి, ఆ వేడికి వాల్వ్ కరుగుతుంది. పప్పు మాడకుండా, లోపల నీళ్లు ఉండగానే వాల్వ్ పోయి ఉంటే మాత్రం అనుమానం విజిల్ కింది గొట్టం మీదకు పోవాలి. అది మూసుకుపోయిందేమో చూడాలి. మూతను వెలుతురుకు ఎత్తి చూడమన్నాను, గొట్టంలోంచి వెలుతురు గుండ్రంగా, స్పష్టంగా కనిపించిందంది. అంటే తప్పు గాస్కెట్‌దే. రెండూ కొత్తవి కావాలి.

మొదట ఒక దుకాణం వాళ్లకు వాట్సాప్‌లో ఫొటోలు పంపాం. స్కేలు పక్కన పెట్టి తీయమన్నారు, పిన్ని కొడుకు అలాగే తీశాడు. వాళ్లు ఆ ఫొటో చూసి లెక్కకట్టి గాస్కెట్టూ వాల్వూ పంపారు. గాస్కెట్ మూతలో పట్టక అలలా పైకి లేచింది. వాల్వ్ ఒకటిన్నర చుట్టు తిరిగి బిగుసుకుపోయింది. మార్చి ఇమ్మంటే, మీరు పంపిన ఫొటో ప్రకారమే ఇచ్చాం అన్నారు.

రాజమండ్రిలో స్పేర్లు మాత్రమే అమ్మే ఇంకొక ఆయన ఆ ఫొటో చూసి వెంటనే అసలు సంగతి చెప్పారు. "మూత బోర్లా తిప్పి టేబుల్ మీద పెట్టారండి, స్కేలేమో టేబుల్ మీద ఉంది. మూత అంచు పైకి లేచి ఉంది కదా, ఫోన్‌కి దగ్గరై పెద్దగా కనబడుతుంది." నేను లెక్కేసి చూశాను. ఫోన్ టేబుల్‌కి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, మూత అంచు టేబుల్‌కి 5 సెంటీమీటర్ల పైన ఉంది అనుకుందాం. అంటే ఫోన్ నుంచి స్కేలు 30 సెంటీమీటర్ల దూరంలో, అంచు 25 దూరంలో ఉన్నట్టు. అంచు ఐదో వంతు పెద్దగా కనబడుతుంది. 22 సెంటీమీటర్ల మూత ఫొటోలో 26 దాకా తేలుతుంది. అందుకే స్కేలును మూత అంచు మీదే, సరిగ్గా మధ్యలోంచి పోయేలా అడ్డంగా పెట్టాలి. ఫోన్ పైకి, ఒక మీటరు దూరానికి జరిపి, జూమ్ చేసి నిలువుగా తీయాలి. ఈసారి పిన్ని ఎలాగూ స్కేలు పెట్టింది కాబట్టి, గాస్కెట్ కూర్చునే గాడిలో ఈ చివర నుంచి ఆ చివరకు ఎంతుందో చదివి చెప్పమన్నాను కూడా. కొలత నోటితో చెప్పించుకోవడం, ఫొటోలో చూడడం రెండూ కలవాలి.

పాత గాస్కెట్‌ను కొలిస్తే చాలదా అని పిన్ని అడిగింది. చాలదు. పాతది సాగి ఉండొచ్చు, కుంచించుకుపోయి ఉండొచ్చు, టేబుల్ మీద పెడితే కోడిగుడ్డు ఆకారంలో పడుకుంటుంది. మారనిది మూతలోని గాడి ఒక్కటే. పాత గాస్కెట్ పనికొచ్చేది దాని అంచు ఆకారం చూడడానికి. ఒకచోట బ్లేడుతో కోసి, కోసిన ముఖాన్ని దగ్గర నుంచి ఫొటో తీయమన్నారు రాజమండ్రి ఆయన. ఎలాగూ పారేసేదే కదా. కొన్ని చదునుగా ఉంటాయి, కొన్నిటికి లోపలి వైపు పెదవిలా సన్నటి అంచు ఉంటుంది. ఆ ఆకారం, మందం రెండూ కలిస్తేనే గాడిలో కూర్చుంటుంది. రంగు చూసి ఏమీ చెప్పలేం, ఒకే సైజు నల్లదీ దొరుకుతుంది, తెల్లదీ దొరుకుతుంది.

లీటర్లు చెబితే చాలు అనుకునేవాళ్లు ఎక్కువ. గాస్కెట్‌కి కావలసింది మూతి వెడల్పు, గిన్నె లోతు కాదు. హాకిన్స్ వాళ్ల గాస్కెట్లే చూడండి, A10-09 అనేది 2 నుంచి 4 లీటర్ల కుక్కర్లకు, B10-09 అనేది 3.5 నుంచి 8 లీటర్ల కుక్కర్లకు అని అమ్ముతారు. 3.5 లీటర్ల కుక్కర్ ఉన్నవాళ్లు లీటర్లు మాత్రమే చెబితే ఏది ఇవ్వాలి? పైగా అవి మూత లోపలికి దిగే రకానివి. గాస్కెట్ మూత అంచుకు బయట తొడుక్కుంటుంది. మా పిన్ని కుక్కర్‌లో గాస్కెట్ మూత లోపలి గాడిలో ఉంటుంది. వెడల్పు కలిసినా ఒకదానిది ఇంకొకదానికి పనికిరాదు.

మూత ఫొటోలో ఆయన ఇంకొకటి వెతికారు. అంచు మీద ఒకచోట పొడుగాటి కిటికీ లాంటి సందు ఉంది. విజిల్, వాల్వ్ రెండూ పనిచేయకపోతే గాస్కెట్ ఆ సందులోంచి బయటికి ఉబికి ఆవిరిని కిందకు వదులుతుంది. వేరే కంపెనీ మందపాటి గాస్కెట్ వేస్తే అది ఉబకదు, అంటే ఒక రక్షణ పోయినట్టే. అందుకే కంపెనీ పేరు తెలియాల్సిందే అన్నారాయన.

పేరు అరిగిపోయింది కదా, ఎలా? కుక్కర్ గిన్నె అడుగున ఐఎస్ఐ గుర్తు కొట్టి ఉంటుంది. దాని పైన IS 2347 అని, కింద CM/L అని ఒక నంబరు ఉంటాయి. మసి పట్టి కంటికి ఆనలేదు. పిన్ని అడుగు శుభ్రంగా తోమి, ఆరాక బియ్యప్పిండి రాసి, పైపైన గుడ్డతో తుడిచింది. పిండి అక్షరాల గుంటల్లో నిలిచిపోయింది. పిన్ని కొడుకు ఫోన్ టార్చ్‌ను పక్కవాటుగా పట్టి ఫొటో తీశాడు. అంకెలన్నీ చదవగలిగాం. ఐఎస్ఐ గుర్తు ఇచ్చే సంస్థ వాళ్ల BIS Care యాప్‌లో Verify Licence Details దగ్గర ఆ నంబరు కొడితే తయారుచేసిన కంపెనీ పేరు వచ్చింది. 2021 ఫిబ్రవరి నుంచి కుక్కర్లకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఇది అంతకు చాలా ముందు కొన్నదే అయినా మంచి కంపెనీది కాబట్టి గుర్తు ఉంది.

సేఫ్టీ వాల్వ్‌కు పైనుంచి తీసిన ఒక్క ఫొటో ఎందుకూ కొరగాదు. పైనుంచి చూస్తే అన్నీ ఆరు పలకల ఇత్తడి ముక్కల్లాగే ఉంటాయి. మూత కింది వైపు నుంచి ఒకటి తీయాలి, అక్కడ నట్టు ఉందా, లేక వాల్వ్ నేరుగా మూతలోని మరల్లోకి దిగిందా తెలుస్తుంది. తర్వాత వాల్వ్ విప్పి, పక్కకు పడుకోబెట్టి, స్కేలుకు ఆనించి మరలు కనిపించేలా ఒకటి తీయాలి. ఇక్కడే మొదటి వాల్వ్ సంగతి బయటపడింది. పాతదానికి ఒక సెంటీమీటరుకు 10 మరల లెక్కన ఉన్నాయి. వాళ్లు పంపినదాని లావు అదే, మరలు మాత్రం అంతకంటే దగ్గర దగ్గరగా ఉన్నాయి. అందుకే ఒకటిన్నర చుట్టుకే పట్టేసింది. పిన్ని అక్కడితో ఆపేయడం చాలా మంచిదైంది. పానా వేసి తిప్పి ఉంటే ఇత్తడి మర అల్యూమినియం మరను కోసేసేది, మూతే పోయేది. సరైన వాల్వ్ చేత్తోనే చివరిదాకా దిగాలి, ఆఖరి బిగింపుకే పానా.

విజిల్ కూడా పాతదైంది, పనిలో పని అదీ మార్చేద్దామా అంది పిన్ని. దానికి నేను ఒప్పుకోలేదు. విజిల్ బరువును ఫొటోలో చూడలేం, అదే అసలు విషయం. గొట్టం కన్నం వెడల్పుకు తగ్గట్టు ఆ బరువు పెడతారు. ఉదాహరణకు 3.5 మిల్లీమీటర్ల కన్నం మీద 1 కిలో ప్రెషర్ ఆపాలంటే సుమారు 96 గ్రాములు కావాలి. అదే విజిల్‌ను 3 మిల్లీమీటర్ల కన్నం మీద పెడితే ప్రెషర్ 1.36 కిలోలు అయితే గానీ లేవదు. చూడడానికి రెండూ ఒకటే, కూర్చోవడం కూడా చక్కగా కూర్చుంటుంది. పాత విజిల్ లోపలి సూది అరగలేదు, వంగలేదు, కాబట్టి వేడినీళ్లలో నానబెట్టి కడిగి అదే వాడుతున్నారు. మార్చాల్సి వస్తే కంపెనీ, మోడల్ పేరు చెప్పి కొనాల్సిందే.

సరుకు వచ్చాక ముందు ఖాళీ మూతకు గాస్కెట్ తొడిగి వేలితో చుట్టూ నొక్కమన్నాను. ఎక్కడా లేవకుండా కూర్చుంది. వాల్వ్ చేత్తో దిగింది. తర్వాత పప్పు లేకుండా, రెండు గ్లాసుల నీళ్లతో పొయ్యి మీద పెట్టమన్నాను. మొదట విజిల్ దగ్గర కాస్త ఆవిరి వచ్చింది, తర్వాత విజిల్ వేసింది. అంచు చుట్టూ పొడి స్టీలు గరిటె దగ్గరగా పెట్టి చూస్తే ఎక్కడా చెమ్మ పట్టలేదు, వాల్వ్ చుట్టూ బుడగ రాలేదు. గాస్కెట్ కవరు మీద ఉన్న కోడ్ నంబరును, అడుగున ఉన్న CM/L నంబరు ఫొటోను మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టి ఉంచాను. గాస్కెట్ మళ్లీ గట్టిపడినప్పుడు ఎవరు ఆర్డర్ పెట్టినా ఆ కోడ్ చెబితే సరిపోతుంది.