నాయన ఫైలు, రెండో ఉత్తరం

మంగళవారం. బడికి సగం రోజు లీవు పెట్టి నల్లగొండ పోయొచ్చాను. పని ఒక్కటే: నాయన పడుకున్న ఆసుపత్రిలో ఒక ఉత్తరం ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోవడం.

రెండు నెలల కింద నాయనను న్యుమోనియాతో అక్కడ చేర్పించాం. ఆరు రోజులు ఉన్నాడు. రెండో రోజు సాయంత్రం సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ ఎక్కుతుండగా మెడ మీద, చేతుల మీద దద్దుర్లు లేచాయి. కళ్ల కింద ఉబ్బింది. సిస్టర్ గబగబా సూది ఆపి, డ్యూటీ డాక్టరును పిలిచి, ఏవిల్, హైడ్రోకార్టిజోన్ ఇచ్చింది. మంచం దగ్గరి చార్టులో ఆ మందు గడికి ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టి, పక్కన ఏదో రాసింది. ఆ ఎర్ర గీత నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. మర్నాటి నుంచి వేరే యాంటీబయాటిక్ పెట్టారు.

డిశ్చార్జి సమ్మరీలో మాత్రం అలర్జీ ఏమీ లేదని ఉంది. ఇచ్చిన మందుల్లో సెఫ్ట్రియాక్సోన్ ఐదు రోజులు అని ఉంది. ఇంటికొచ్చిన సంతోషంలో ఆ కాగితం మేమెవరం చదవలేదు. ఇప్పుడు హైదరాబాదులో నాయనకు హెర్నియా ఆపరేషన్ ఉంది. అక్కడి డాక్టరు పాత కాగితాలు తెమ్మన్నాక చదివితే బయటపడింది. ఆపరేషన్ ముందు ఇచ్చే యాంటీబయాటిక్ సూదుల్లో ఇదే మందు కూడా ఉండొచ్చని వదిన చెప్పేసరికి నాకు చెమట పట్టింది. వదిన మహబూబ్‌నగర్‌లో ముప్పై ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయింది.

మొదటి ఉత్తరం పదిహేను రోజుల కింద నేనే రాశాను. "మా నాన్నగారి ఫైలు కాపీ ఇప్పించగలరు" అని ఒక్క వాక్యం. ఏడు కాగితాలు ఇచ్చారు: అదే సమ్మరీ, నాలుగు రక్త పరీక్షలు, ఎక్స్‌రే రిపోర్టు, బిల్లు. వదిన వాటిని తిరగేసి, "ఇందుల ఫైలేది? ఇది కవరు" అన్నది. నువ్వు ఫైలు అంటే వాళ్లకు చేతికి దొరికిందే ఫైలు, ఏ కాగితం కావాలో పేరు పెట్టి అడగాలె అని కూర్చోబెట్టి రాయించింది.

పేర్లు ఆమె చెప్తుంటే నేను రాశాను. చేరిన రోజు రాసిన కేస్ షీటు. రోజూ రౌండ్లలో డాక్టర్లు రాసిన నోట్సు. మందులు ఎన్ని గంటలకు ఇచ్చారో సంతకంతో ఉండే డ్రగ్ చార్టు. మూడు షిఫ్టుల నర్సుల నోట్సు. జ్వరం, బీపీ, ఆక్సిజన్ రాసిన చార్టు. మేం సంతకాలు పెట్టిన అంగీకార పత్రాలు. చివర ఒక వాక్యం పెట్టించింది: "వీటిలో ఏదైనా మీ వద్ద లేకపోతే, లేదని రాసి ఇవ్వగలరు." ఆ వాక్యం లేకుంటే ఇవ్వని కాగితం గురించి ఎవరూ మాట్లాడరట.

సరిదిద్దమనే భాగం దగ్గర మాకు చిన్న గొడవే అయింది. "మీ నిర్లక్ష్యం వల్ల" అని నేను మొదలుపెట్టాను. వదిన ఆ ముక్క కొట్టేసింది. ఆ మాట చూస్తే కాగితం రికార్డు రూములో ఆగదు, మేనేజ్‌మెంట్ దగ్గరికి, అక్కడి నుంచి వకీలు దగ్గరికి పోతది, మనకు కావల్సింది కొట్లాట కాదు కదా అన్నది. నాకు ఇప్పటికీ కోపమే, కానీ ఆమె చెప్పినట్టే రాశాను. సమ్మరీ మొదటి పేజీలో అలర్జీ లేదని ఉన్నది. రెండో రోజు సాయంత్రం ఫలానా ఇంజెక్షన్‌కు రియాక్షన్ వచ్చి ఆపినట్టు డ్రగ్ చార్టులో, నర్సుల నోట్సులో చూడగలరు. దాని ప్రకారం సమ్మరీ సరిచేసి, చికిత్స చేసిన డాక్టరు సంతకంతో ఇప్పించగలరు. ఎక్కడ ఏం ఉంది, ఏం ఉండాలి, దానికి రుజువు ఎక్కడ. మూడే ముక్కలు.

నాకు తట్టనిది ఇంకొకటి చెప్పింది. పాత రాత చెరిపి కొత్తది రాయమని అడగొద్దట. రికార్డులో తప్పు దిద్దే పద్ధతి, పాతది చదవడానికి వచ్చేట్టు ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, దిద్దిన రోజు తేదీ వేయడం. లేదా విడిగా ఒక అదనపు నోటు పెట్టడం. కొత్త సమ్మరీ మీద సవరించినదని, ఈ నెల తేదీతో ఉండాలి. రెండు నెలల కిందటి తేదీ వేసి ఇస్తే, రేపు రెండు సమ్మరీలు చేతిలో పెట్టుకుని ఏది నిజమో మనమే చెప్పుకోలేం. అందుకే ఉత్తరంలో ముందు "ఉన్నది ఉన్నట్టు" కాపీ అడిగాం, తర్వాతే సవరణ. ఇంకో సంగతి: జరిగిన విషయం తప్పుగా పడితే దిద్దమని అడగొచ్చు గాని, డాక్టరు అభిప్రాయం మనకు నచ్చలేదని మార్చమంటే మార్చరు. అప్పుడు మన ఉత్తరాన్నే ఫైలులో పెట్టమని అడగడం ఒక్కటే దారి.

నాయన నాలుగక్షరాల సంతకం నింపాదిగా పెట్టాడు. బతికున్న పేషెంటు కాబట్టి అడిగేది ఆయనే, నన్ను పంపుతున్నట్టు కింద ఒక వాక్యం. ఐపీ నంబరు, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ పైన రాసి, ఇద్దరి ఆధార్ జిరాక్సులు జతచేశాం.

రికార్డు రూము మెట్ల కింద ఉంది. కిటికీలో కూర్చున్నతను కాగితం తీసుకుని, "పెట్టిపోండి మేడం, ఫోన్ చేస్తం" అన్నాడు. "అన్నా, ఈ రెండో కాపీ మీద అందినట్టు ముద్ర వేయి" అన్నాను. ముద్ర వేశాడు. ఇన్‌వర్డు నంబరు అడిగితే రిజిస్టరు తీశాడు. టైము కూడా వేయమంటే తలెత్తి చూశాడు. భారత వైద్య మండలి 2002 నియమాల ప్రకారం పేషెంటు గాని, ఆయన పంపిన మనిషి గాని రికార్డులు అడిగితే అందినట్టు చెప్పి 72 గంటల్లో ఇవ్వాలి. ఉత్తరం చివర ఆ ఒక్క లైను ఉంది. అతను అక్కడిదాకా చదివి, గోడ గడియారం చూసి, 12:10 అని వేశాడు. అంటే శుక్రవారం మధ్యాహ్నం దాకా. సమ్మరీ సంగతి డాక్టరుగారు సంతకం పెట్టాలి, దానికి నా చేతిలో ఏం లేదు మేడం అన్నాడు. అది నిజమే.

కాపీ వచ్చాక ఎట్లా చూడాలో వదిన ముందే చెప్పింది. ప్రతి పేజీ మీద నాయన పేరు, ఐపీ నంబరు, ఆసుపత్రి ముద్ర ఉన్నాయా. ఆరు రోజులకు, రోజుకు మూడు షిఫ్టుల లెక్కన నర్సుల రాత పద్దెనిమిదికి అటూ ఇటూ ఉండాలి. రెండో రోజు సాయంత్రం షిఫ్టు ఒక్కటే లేకపోతే వెంటనే కనిపిస్తది అన్నది. నేనైతే ముందు ఎర్ర గీత కోసం వెతుకుతాను. జిరాక్సులో అది నల్లగా వస్తుందని ఇప్పుడే గుర్తొచ్చింది.

అవన్నీ వచ్చేదాకా ఆగలేక, రాత్రి ఒక అట్టముక్క మీద ఆ మందు పేరు తెలుగులో, ఇంగ్లిషులో రాసి, కింద "పడదు" అని రాసి నాయన అంగీ జేబులో పెట్టాను. ఆయన తీసి, అద్దాలు పెట్టుకుని చదివాడు.

"సెఫ్... టిరి... ఏందిది బిడ్డా, పేరు పలకరాకనే దద్దుర్లు లేచినయేమో" అని నవ్వి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.