పీఎస్4 డిస్క్ ఉంటే పీఎస్5 వెర్షన్ ఊరికే వస్తుందా? నా అనుభవం

పీఎస్5 కొన్నప్పుడు నా దగ్గర రెండు పీఎస్4 డిస్కులున్నాయి, ది విచర్ 3, ఘోస్ట్ ఆఫ్ సుషిమా. విచర్ డిస్క్ పెట్టగానే పీఎస్5 వెర్షన్ రూపాయి అడగకుండా దిగింది. 2022 డిసెంబర్‌లో ఆ అప్‌గ్రేడ్‌ను పాత గేమ్ ఉన్నవాళ్లందరికీ ఉచితంగా ఇచ్చారు. దాంతో సుషిమా కూడా అలాగే వస్తుందని గట్టిగా నమ్మాను. పైగా డిస్క్ అమ్మిన షాపులో అబ్బాయి కూడా "ఫ్రీ అప్‌గ్రేడే అన్నా" అన్నాడు.

తీరా ఫోన్‌లో స్టోర్ తెరిచి చూస్తే, కొత్తగా కొనేవాళ్లకు చూపించే పూర్తి ధరే నాకూ కనిపించింది. కాసేపు టెన్షన్ పడ్డాను కానీ, కారణం తెలిశాక తేలిగ్గానే అనిపించింది. డిజిటల్‌గా కొన్న గేమ్ మన అకౌంట్‌లో నమోదై ఉంటుంది కాబట్టి స్టోర్‌కి తెలుస్తుంది. డిస్క్ మాత్రం ఎవరి చేతిలో ఉందో దానికి తెలియదు, పీఎస్5లో పెట్టి ఉంచినప్పుడే గుర్తిస్తుంది. అందుకే ఫోన్‌లోనో బ్రౌజర్‌లోనో కనిపించిన ధర చూసి డిస్క్ ఉన్నవాళ్లు నిర్ణయానికి రాకూడదు. డిస్క్ లోపల పెట్టి, హోమ్ స్క్రీన్‌లో ఆ గేమ్ మీదికి వెళ్లి కిందికి జరిపితే అప్‌గ్రేడ్ ఆఫర్ కనిపిస్తుంది, ఉచితమా డబ్బు కట్టాలా అన్నది అక్కడే తేలుతుంది.

నాకు తగ్గింపు ధర కనిపించింది కానీ, నేను అనుకున్న దానికంటే చాలా ఎక్కువ. సోనీ సొంత గేమ్‌లకు మామూలుగా 10 డాలర్లే తీసుకుంటారని విన్నాను, గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్‌కి నా స్నేహితుడు కట్టింది అదే రకం రుసుము. మరి సుషిమాకి ఎందుకు ఎక్కువ?

ఇక్కడే అసలు తేడా ఉంది. 2020లో వచ్చిన మామూలు సుషిమాకి విడిగా పీఎస్5 వెర్షన్ లేదు. 2021 ఆగస్టులో డైరెక్టర్స్ కట్ అని మరో గేమ్‌గా విడుదల చేశారు, పీఎస్5 వెర్షన్ దానికే ఉంది. ఇకి ద్వీపంలో సాగే కొత్త కథ కూడా అందులోనే. అమెరికా ధరల్లో చెప్పాలంటే, మామూలు పీఎస్4 గేమ్ నుంచి పీఎస్4 డైరెక్టర్స్ కట్‌కి 20 డాలర్లు, దాని నుంచి పీఎస్5 వెర్షన్‌కి ఇంకో 10, నేరుగా వెళితే మొత్తం 30. మన స్టోర్‌లో రూపాయల్లో ఉంటుంది కానీ మెట్లు ఇవే. అంటే నేను కట్టేదాంట్లో ఎక్కువ భాగం కొత్త కథకి, కొంచెం మాత్రమే పీఎస్5కి. ఆ డిస్క్ మీదే 'డైరెక్టర్స్ కట్' అని ఉండుంటే చిన్న మెట్టు ధరతో పోయేది. అట్ట మీద పేరు అక్షరం అక్షరం చదవాలని నాకప్పుడు తెలిసింది.

కొనేముందు ఇంకో పని చేశాను, దాని వల్ల చాలా మేలు జరిగింది. అప్‌గ్రేడ్ ఏమీ లేకుండానే పాత డిస్క్‌ని పీఎస్5లో ఆడి చూశాను. అప్‌డేట్ పడ్డాక పాత గేమే సెకనుకి 60 ఫ్రేముల దాకా నడుస్తోంది. గడ్డి మైదానంలో గుర్రం మీద పరుగు తీస్తుంటే ఆ గాలికి వంగే గడ్డి ఎంత నున్నగా కదులుతుందో, పీఎస్4లో ఎప్పుడూ చూడలేదు. అది పూర్తిగా ఉచితం. డబ్బు కడితే అదనంగా వచ్చేవి ఇకి కథ, జపనీస్ మాటలకు తగ్గట్టు కదిలే పెదవులు, కంట్రోలర్‌లో కొత్త స్పర్శ. కథ కోసమైతే దండగ కాదనిపించింది, కొన్నాను. ఒక్క ఫ్రేముల కోసమే అయితే కొనేవాణ్ని కాదు.

సేవ్ సంగతి ముందే చూసుకోండి. పీఎస్4లో సెట్టింగ్స్‌కి వెళ్లి సేవ్‌ను యూఎస్‌బీలోకి కాపీ చేసి, పీఎస్5లోకి తెచ్చుకున్నాను. పీఎస్5 వెర్షన్ దాన్ని తనంతట తాను తీసుకోదు, గేమ్ మొదటి మెనూలో పీఎస్4 సేవ్‌ను బదిలీ చేసే ఎంపిక నొక్కాలి. మూడో అంకంలో ఉన్న నా ఆట అలా చెక్కుచెదరకుండా వచ్చింది.

మా తమ్ముడు డిస్క్ డ్రైవ్ లేని పీఎస్5 డిజిటల్ ఎడిషన్ కొనబోతూ నా డిస్కులు అడిగాడు. డ్రైవ్ లేకపోతే ఉచితమైనా, డబ్బు కట్టేదైనా ఈ అప్‌గ్రేడ్ ఏదీ డిస్క్ మీద దొరకదని చెప్పాను, డ్రైవ్ ఉన్నదే తీసుకున్నాడు. అప్‌గ్రేడ్ అయ్యాక కూడా ఆడే ప్రతిసారీ ఆ పీఎస్4 డిస్క్ లోపల ఉండాల్సిందే, అందుకే నాది అమ్మమని ఎవరు అడిగినా ఇవ్వలేదు. ఇప్పుడు వాడింటికి వెళితే వెంట తీసుకెళ్తాను, నా అకౌంట్‌తో లాగిన్ అయి డిస్క్ పెట్టగానే పీఎస్4 వెర్షన్ ఇన్‌స్టాల్ మొదలవుతుంది, దాన్ని ఆపేసి, ప్లే బటన్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి `PS5` అని ఉన్న వెర్షన్ ఎంచుకోవాలి.